డాక్టరు గదిలో దుబాసీ పని: కాగితం అనువాదం కంటే అది ఎలా వేరు, ఏ వరుసలో చేయాలి

నెల్లూరు, నాయుడుపేట, సూళ్ళూరుపేట, తిరుపతి వైపు నుంచి చెన్నై ఆసుపత్రులకు వచ్చే తెలుగువారికి తోడుగా వెళ్ళి డాక్టరుతో మాట్లాడిపెట్టేవారు, ఈ పనిని సరిగా చేయడం ఎలాగని తరచుగా అడుగుతున్నారు. వారిలో ఎక్కువమందికి తమిళం, ఇంగ్లీషు బాగానే వచ్చు. కొందరు ఆసుపత్రి కరపత్రాలను తెలుగులోకి అనువదించినవారు కూడా. ఇబ్బంది భాషలో రావడం లేదు, కాగితం మీద అలవాటైన పద్ధతినే గదిలోనూ పాటించడం వల్ల వస్తోంది.

అన్ని రకాల వైద్యాల గురించీ చెప్పకుండా ఒకే సందర్భాన్ని తీసుకుని అడుగడుగునా వివరిస్తాను. గుండెలో ఎడమవైపు ఉండే మైట్రల్ కవాటాన్ని తీసేసి లోహపు కవాటం అమర్చిన, యాభై దాటిన ఒక రైతు కుటుంబపు స్త్రీ, కోడలిని వెంటబెట్టుకుని చెన్నైలో పరీక్షకు వచ్చారనుకుందాం. ఇది వివరణ కోసం కూర్చిన సందర్భమే అయినా ఇందులోని ప్రతి ముక్కా ఇటువంటి గదుల్లో జరిగేదే. ఇందులో చెప్పిన మోతాదులు ఆ ఒక్క రోగికి సంబంధించినవి కాబట్టి ఎవరూ తమకు వర్తింపజేసుకోకూడదు.

## 1. మొదట తేడా తెలుసుకోవాలి

కాగితం మీది మాట అప్పటికే పూర్తయినది. రాసినవారు ఆలోచించి, దిద్ది, సరిచూసి ఇచ్చారు. అనువాదకుడికి సమయముంటుంది, నిఘంటువు ఉంటుంది, మరొకరి చేత చదివించి మార్చుకునే వీలుంటుంది. గజిబిజిగా ఉన్న వాక్యాన్ని విడగొట్టి తేటగా రాయడం అతని బాధ్యతే.

డాక్టరు గదిలో మాట ఇంకా పూర్తి కాలేదు. రోగి చెప్పే జవాబును బట్టి డాక్టరు తరువాతి ప్రశ్న పుడుతుంది, ఆ ప్రశ్నలను బట్టి మందు నిర్ణయమవుతుంది. అక్కడ దుబాసీ తేటపరచబోతే డాక్టరుకు అవసరమైనదే చెత్తతో పాటు కొట్టుకుపోవచ్చు. రోగి తడబడితే ఆ తడబాటు, అడిగినదానికి సంబంధం లేని జవాబు చెబితే ఆ సంబంధం లేనితనం అటువైపుకు చేరాలి. పక్షవాతం, మతిమరుపు, రక్తంలో చక్కెర బాగా పడిపోవడం వంటివి మొదట మాటతీరులోనే కనబడవచ్చు. అందుకే అనువాదకుడికి గుణమైన ‘శుభ్రం చేయడం’ దుబాసీకి దోషమవుతుంది.

ఈ మార్గదర్శిలో మిగిలినదంతా దాదాపు ఈ ఒక్క తేడా నుంచే వస్తుంది.

## 2. ముందు రోజు చేసుకోవలసినవి

ఏ విభాగానికి వెళుతున్నారో, మొదటిసారి చూపించుకోవడమా లేక మళ్ళీ రావడమా అన్నది అడిగి తెలుసుకోవాలి. రోగి జబ్బు చరిత్రంతా మీకు అక్కరలేదు, గదిలో దొర్లబోయే మాటలు తెలిస్తే చాలు.

మన సందర్భంలో ముఖ్యమైనవి రెండు. లోహపు కవాటం మీద రక్తం గడ్డకట్టకుండా రోగి జీవితాంతం ఒక మాత్ర వేసుకోవాలి. మన దేశంలో ఇందుకు వార్ఫరిన్‌తో పాటు అసిట్రోమ్ పేరుతో దొరికే మందును కూడా ఎక్కువగా ఇస్తారు. ఆ మందు ఎంతవరకు పనిచేస్తోందో ఐ.ఎన్.ఆర్. అనే రక్తపరీక్ష చెబుతుంది. మైట్రల్ స్థానంలో లోహపు కవాటం ఉన్నవారికి సాధారణంగా అది 2.5 నుంచి 3.5 మధ్య ఉండాలని చూస్తారు. తగ్గితే కవాటం మీద గడ్డ ఏర్పడే ప్రమాదం, మరీ పెరిగితే రక్తస్రావం జరిగే ప్రమాదం ఉంటాయి.

ఈ జ్ఞానం వినడానికే, సలహా ఇవ్వడానికి కాదు. ‘ఒకటి పాయింటు ఏడు’ అని డాక్టరు వేగంగా అన్నప్పుడు అది ఏ కొలతో తెలిసి ఉంటే చెవి తప్పదు.

వెంట ఉండవలసినవి:

- చిన్న నోటు పుస్తకం, కలం
- రోగి ప్రస్తుతం వాడుతున్న మందులన్నీ అట్టలతో సహా (చీటీ ఒక్కటే చాలదు, ఎందుకంటే ఊళ్ళో దుకాణం అదే మందును వేరే బలంలో ఇచ్చి ఉండవచ్చు)
- పాత ఐ.ఎన్.ఆర్. నివేదికలు, తేదీల వరుసలో

## 3. గదిలోకి వెళ్ళే ముందు రెండు నిమిషాలు

రోగితో నాలుగు మాటలు చెప్పాలి. ‘అమ్మా, మీరు ఏది మాట్లాడినా నేను డాక్టరమ్మకు చెబుతాను. డాక్టరమ్మ ఏది చెప్పినా మీకు చెబుతాను. నేనేదీ కలపను, ఏదీ దాచను. ఇక్కడ విన్నది బయట ఎవరికీ చెప్పను. మీరు ఆమె వైపే చూసి మాట్లాడండి.’

తరువాత డాక్టరుతో కూడా ఒక్క నిమిషం మాట్లాడాలి. తమిళంలో మాట్లాడతారా, ఇంగ్లీషులోనా అన్నది అడిగి స్థిరపరచుకోవాలి. చెన్నైలో చాలామంది డాక్టర్లు రెండింటినీ కలిపి మాట్లాడతారు. అందులో తప్పు లేదు కానీ, సంఖ్యలు, వారాల పేర్లు మాత్రం ఒకే భాషలో చెప్పమని కోరడం మంచిది. రెండు మూడు వాక్యాలకొకసారి ఆగమని కూడా చెప్పాలి.

వరండాలో రోగితో ఎక్కువసేపు ఒంటరిగా కూర్చోకపోవడమే మేలు. ఎదురుచూపుల్లో వారు మనసు విప్పి, ‘నేను మందు మానేశాను నాయనా, డాక్టరమ్మకు చెప్పకు’ అంటారు. అప్పుడు చెబితే నమ్మకం పోతుంది, చెప్పకపోతే ప్రాణం మీదికి వస్తుంది. అలా అన్నప్పుడు చెప్పగల మాట ఒక్కటే: ‘ఈ మాట మీరే డాక్టరమ్మతో చెప్పండి, అందుకు నేను సాయం చేస్తాను.’

అమెరికాలో ఆరోగ్యరంగ దుబాసీల కోసం నేషనల్ కౌన్సిల్ ఆన్ ఇంటర్‌ప్రెటింగ్ ఇన్ హెల్త్ కేర్ అనే సంస్థ 2004లో నైతిక నియమావళిని, 2005లో పని ప్రమాణాలను ప్రకటించింది. యథాతథంగా చెప్పడం, గోప్యత, పక్షపాతం లేకపోవడం వాటిలో ప్రధానమైనవి. పైన రోగికి చెప్పిన నాలుగు మాటలు వాటికి తెలుగు రూపమే అనుకోవచ్చు.

## 4. కూర్చునే చోటు

రోగి పక్కన, అర అడుగు వెనకగా కూర్చోవాలి. డాక్టరు, రోగి ఒకరినొకరు సూటిగా చూసుకోగలగాలి. దుబాసీ ఇద్దరి మధ్యన కూర్చుంటే డాక్టరు దుబాసీతో, దుబాసీ రోగితో మాట్లాడడం మొదలవుతుంది, రోగి ప్రేక్షకురాలైపోతుంది. శరీర పరీక్ష జరిగేటప్పుడు తెర వెనక్కు జరిగి, మాట మాత్రం వినిపించేలా ఉంటే చాలు.

## 5. మాట మార్చే పద్ధతి

నియమం చిన్నదే. రోగి ‘నాకు ఆయాసంగా ఉంది’ అంటే ఇటువైపు కూడా ‘నాకు’ అనే చెప్పాలి. ‘ఆమెకు ఆయాసంగా ఉందట’ అని చెప్పడం మొదలుపెడితే కాసేపటికి దుబాసీ కథకుడవుతాడు, ఆ తరువాత సంక్షేపకుడవుతాడు. మొదట్లో నోటికి వింతగా అనిపించినా పావుగంటలో అలవాటవుతుంది.

ఇప్పుడు మన సందర్భానికి వద్దాం. ఆమె రోజూ సాయంత్రం 2 మిల్లీగ్రాముల అసిట్రోమ్ వేసుకుంటారు. ఆరు వారాల క్రితం ఐ.ఎన్.ఆర్. 2.8 ఉంది. ఈ రోజు 1.7 వచ్చింది. నివేదిక చూసి డాక్టరు, ‘మాత్ర ఎప్పుడైనా మానారా?’ అని అడిగారు.

ఆమె జవాబు ఇలా ఉంది: ‘మానడమెందుకమ్మా, ప్రాణం మీదికి తెచ్చుకుంటానా? పోయిన వారం మా అన్న కూతురి సీమంతం, అందరూ వచ్చినారు. కార్తీకమాసం కదా, ఏకాదశి ఆదివారం పడింది, మర్నాడు సోమవారం. ఆ రెండు రోజులూ ఉపవాసం. వట్టి కడుపున బిళ్ళ వేసుకోకూడదంటారు కదా. మిగతా రోజులన్నీ వేసుకున్నాను.’

ఈ జవాబును కాగితం మీద పెడితే ఏ అనువాదకుడైనా సీమంతాన్ని తీసేస్తాడు. కోడలు అంతకన్నా తొందరగా, ‘మానలేదు మేడమ్’ అని కల్పించుకుంటుంది. తొందరలో ఉన్న దుబాసీ కూడా మొదటి వాక్యమే పట్టుకుని ‘లేదు, మానలేదు’ అంటాడు. అది అబద్ధం కూడా కాదు, ఎందుకంటే ఆమె దృష్టిలో ఉపవాసం నాడు వేసుకోకపోవడం ‘మానడం’ కాదు.

అప్పుడేం జరుగుతుందో చూడండి. మాత్రలన్నీ క్రమంగా వేసుకున్నా 1.7కు పడిపోయిందంటే, మోతాదు చాలడం లేదని డాక్టరు అనుకోవడం సహజం. రోజువారీ మోతాదు పెంచుతారు. ఆమె ఊరికి వెళ్ళి, పండుగలు ముగిసి, పెరిగిన మాత్రను ఒక్క రోజూ తప్పకుండా వేసుకుంటారు. కొన్ని రోజులకు ఐ.ఎన్.ఆర్. హద్దు దాటుతుంది, చిగుళ్ళ నుంచి రక్తం మొదలవుతుంది. కాగితాల మీద ఎక్కడా తప్పు కనబడదు.

పూర్తిగా చెప్పిన దుబాసీ విషయంలో కథ మరోలా నడుస్తుంది. అసిట్రోమ్ వార్ఫరిన్ కంటే త్వరగా శరీరం నుంచి వెళ్ళిపోయే మందు కాబట్టి, వరుసగా రెండు మాత్రలు తప్పితేనే ఐ.ఎన్.ఆర్. తగ్గిపోగలదు. ‘వరుసగా రెండు రోజులా?’ అని డాక్టరు మళ్ళీ అడుగుతారు. ఆ రెండో ప్రశ్న పుట్టడమే దుబాసీ పని ఫలితం. ఆపై ఆకుకూరల గురించి, వేరే మందుల గురించి అడిగి, గుండె చప్పుడు విని, రోజువారీ మోతాదు మార్చకూడదని ఆమె నిర్ణయించారు.

కోడలు కల్పించుకుని చెప్పిన జవాబును కూడా చెప్పాలి. కాకపోతే ‘ఇది కోడలు అంటున్న మాట’ అని స్పష్టంగా వేరుచేసి చెప్పాలి. కోడలిని గద్దించే పని మనది కాదు. రోగి నోటి నుంచే వినాలనుకుంటే డాక్టరే అడుగుతారు.

నోటు పుస్తకంలో వాక్యాలు రాయకూడదు. ‘ఆది, సోమ’, ‘2 మి.గ్రా.’, ‘1.7’ వంటి సంఖ్యలు, రోజులు, పేర్లు మాత్రమే రాసుకోవాలి. మిగతాది జ్ఞాపకం మోయగలదు. సంఖ్యలను మాత్రం జ్ఞాపకం మోసం చేస్తుంది.

## 6. ఆపవలసిన చోట ఆపడం

అనువాదకుడు అర్థం కాని మాట దగ్గర గుర్తు పెట్టుకుని ముందుకు పోవచ్చు. దుబాసీకి ఆ అవకాశం లేదు. చేయి కొద్దిగా పైకెత్తి అప్పటికప్పుడే ఆపాలి.

ఆపినప్పుడు మాట్లాడుతున్నది ఎవరో ఇద్దరికీ తెలియాలి. ‘దుబాసీగా నేనే అడుగుతున్నాను’ అని ముందు చెప్పి అడగాలి. అడిగిన సంగతిని రెండోవారికీ వారి భాషలో చెప్పాలి. లేకపోతే ఇద్దరు అయిదు నిమిషాలు మాట్లాడుకోవడం చూస్తూ మరొకరు అనుమానంతో కూర్చుంటారు.

ఉదాహరణకు ఆమె ‘కళ్ళు తిరుగుతున్నాయి’ అన్నారు. చుట్టూ ఉన్నవన్నీ గిర్రున తిరుగుతున్నట్లు ఉండడానికీ, కళ్ళు చీకట్లు కమ్మి పడిపోబోయినట్లు ఉండడానికీ మనవాళ్ళు ఇదే మాట వాడతారు. డాక్టరుకు ఈ రెండూ వేర్వేరు దారులు. ఏదో ఒకటి మనమే ఎంచుకోకుండా, ఈ మాటకు రెండు అర్థాలున్నాయని డాక్టరుకు చెప్పాలి. ఏ ప్రశ్న అడగాలో ఆమె నిర్ణయిస్తారు.

## 7. మందుల సూచనలు: ఎక్కువ సమయం ఇక్కడే పెట్టాలి

డాక్టరు ఒక్క ఊపిరిలో చెప్పినది ఇది: ఈ రోజు సాయంత్రం ఒక్కసారికి 3 మిల్లీగ్రాములు, రేపటి నుంచి మళ్ళీ 2 మిల్లీగ్రాములే, ఉపవాసమైనా మాత్ర తప్పకూడదు, వారం తరువాత మళ్ళీ ఐ.ఎన్.ఆర్.; కండకు ఇంజెక్షన్లు వేయించుకోకూడదు; అడగకుండా నొప్పి మాత్రలు వాడకూడదు; ఆకుకూరలు ఎప్పటిలాగే తినవచ్చు, ఒకేసారి పెంచడం, మానడం వద్దు.

ఇందులో ఏడు విషయాలున్నాయి. ఏడూ ఒకేసారి చెబితే ఆమెకు మిగిలేది ‘3 మిల్లీగ్రాములు’ అన్నది ఒక్కటే కావచ్చు. డాక్టరును ఆపి, ఒక్కొక్కటిగా చెప్పమని కోరాలి. మనంతట మనమే ముఖ్యమైనవని కొన్ని ఏరి చెప్పకూడదు.

రెండు చోట్ల జాగ్రత్త అవసరం. మొదటిది ‘ఈ రోజు మాత్రమే’ అన్న మాట. అది వాక్యం చివర కలిసిపోకుండా విడిగా, నొక్కి చెప్పాలి. రెండోది ఇంజెక్షన్. ‘సూది వద్దు’ అని క్లుప్తంగా చెబితే ఆమె రక్తపరీక్ష కూడా మానేయవచ్చు. అలాగని ఊళ్ళో ఆర్.ఎం.పి. మోకాళ్ళ నొప్పికి తుంటికి వేసే ఇంజెక్షన్‌ను ఆమె ‘సూది’గా లెక్కపెట్టకపోనూ వచ్చు. ‘తుంటికి గానీ భుజానికి గానీ కండలోకి వేసే ఇంజెక్షన్ వద్దు, పరీక్ష కోసం రక్తం తీయించుకోవడం మాత్రం తప్పనిసరి’ అనాలా అని డాక్టరును అడిగి, అవునంటే అలాగే చెప్పాలి.

చివరగా, ఇంటికి వెళ్ళి ఏం చేస్తారో రోగి నోటితోనే చెప్పించమని డాక్టరును కోరవచ్చు. ‘అర్థమైందా?’ అని అడిగితే మనవాళ్ళు గౌరవం కొద్దీ ‘అయిందమ్మా’ అంటారు, దానికి విలువ లేదు. ‘ఈ రోజు సాయంత్రం ఎన్ని వేసుకుంటారు? రేపు? వచ్చే కార్తీక సోమవారం నాడు?’ అన్న మూడు ప్రశ్నలు చాలు. మన సందర్భంలో ఆమె మొదటి రెండింటికీ సరిగ్గా చెప్పి, మూడోదానికి ‘ఆ రోజు మటుకు ఉపవాసం కదమ్మా’ అన్నారు. అప్పటిదాకా జరిగిన వివరణలో ఏది నిలవలేదో అక్కడ తెలిసింది. డాక్టరు మళ్ళీ వివరించారు. చుక్క చూసి భోంచేశాక వేసుకోవచ్చా అని రోగి అడిగితే, రోజూ వేసుకునే వేళకు దగ్గరగానే కాబట్టి వేసుకోవచ్చన్నారు.

ఆ పరిష్కారాన్ని దుబాసీ ముందే సూచించి ఉండవచ్చు కదా అని అనిపిస్తుంది. ఆచారం గురించి డాక్టరుకు తెలియకపోతే ‘కార్తీక సోమవారం ఉపవాసం రాత్రి భోజనంతో ముగుస్తుంది, కావాలంటే ఆమెనే అడగండి’ అని చెప్పడం వరకు తగును. మాత్ర ఎప్పుడు వేసుకోవాలో చెప్పడం తగదు.

## 8. గదిలో కాగితం చేతికిచ్చినప్పుడు

రెండు పనులూ కలిసేది ఇక్కడే. సమ్మతి పత్రాన్ని చేతికిచ్చి, ‘చదివి చెప్పి సంతకం పెట్టించండి’ అని నర్సు వెళ్ళిపోవడం మామూలే. దీన్ని అంగీకరించకూడదు.

సమ్మతి అంటే సంతకం కాదు. రోగి సరైన నిర్ణయం తీసుకోవడానికి తగినంత సమాచారం డాక్టరు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2008లో సమీరా కోహ్లీ కేసులో స్పష్టం చేసింది. ఆ సమాచారం ఇచ్చే బాధ్యత డాక్టరుది, దుబాసీది కాదు. కాబట్టి డాక్టరు గదిలో ఉండగా, ఒక్కొక్క పేరా చదివి తెలుగులో చెప్పాలి. రోగికి సందేహం వస్తే డాక్టరే జవాబివ్వాలి.

- పత్రాన్ని ముందు మౌనంగా ఒకసారి చదువుకోవడానికి సమయం అడగండి.
- నాలుగైదు పేజీలు, చట్టభాష ఉంటే రాతపూర్వక అనువాదం కావాలని చెప్పండి.
- సాక్షి గడిలో సంతకం చేయకండి. తప్పదంటే ‘నేను తెలుగులో చెప్పడం మాత్రమే చేశాను’ అని రాసి చేయండి.

రోగులు ఇంటికి తీసుకువెళ్ళే కరపత్రమైతే పని తీరు వేరు. చదివేవారు ఎవరో తెలియదు, చదువుతున్నప్పుడు వారు మనల్ని అడగలేరు. అందుకని ‘కండకు వేసే ఇంజెక్షన్’ వంటి మాటలను ముందే స్థిరపరచి అంతటా ఒకేలా వాడాలి. సంఖ్యలను వేరొకరి చేత మూలంతో పోల్చి చూపించాలి. ముద్రణకు ముందు వైద్యం తెలియని ఇద్దరు ముగ్గురు తెలుగువారి చేత చదివించి, వారికేమి అర్థమైందో చెప్పించుకోవాలి. గదిలో పావుగంటలో ముగిసే పని ఇక్కడ వారం పట్టవచ్చు, పట్టాలి కూడా.

## 9. తరచుగా జరిగే తప్పులు, దిద్దుకునే దారి

రోగి బదులు జవాబివ్వడం. మూడోసారి తోడు వెళ్ళేసరికి ఆమె జబ్బు మనకు కంఠతా వచ్చేస్తుంది. డాక్టరు అడిగిన ప్రశ్న తెలుగులోకి రాకుండానే జవాబు వెళ్ళిపోతుంది. అలా జరిగిందని తట్టిన వెంటనే ‘ఇది నా మాట, ఆమెను అడుగుతాను’ అని డాక్టరుకు చెప్పి ప్రశ్నను తెలుగులో వేయాలి.

తప్పు చెప్పి ఊరుకోవడం. ‘ఇందాక నేను మూడు అన్నాను, అది రెండు’ అని ఇద్దరికీ వినబడేలా సరిదిద్దాలి. సిగ్గుపడి దాటవేస్తే ఆ మూడు అలాగే చీటీలోకి ఎక్కుతుంది.

మాటను మెత్తబరచడం. డాక్టరు కటువుగా చెప్పినా, కవాటం మూసుకుపోవచ్చని అన్నా అలాగే చెప్పాలి. ‘ఆమెకు ఈ సంగతి చెప్పకండి’ అని బంధువులు తెలుగులో గుసగుసలాడితే, ఆ మాట డాక్టరుతో వారే మాట్లాడుకోవాలని చెప్పాలి. ఈ విషయంలో మొహమాటం పనికిరాదని నా అభిప్రాయం.

పిల్లల చేత చెప్పించడం. తమిళ బడిలో చదివే పదేళ్ళ మనవరాలికి భాష వచ్చినంత మాత్రాన నాయనమ్మ రక్తస్రావం గురించి ఆమె చేత అడిగించకూడదు. నాయనమ్మ సగం దాస్తుంది, పిల్ల మిగతా సగం భయంతో మింగేస్తుంది.

## 10. బయటికి వచ్చాక

మందుల దుకాణం దగ్గర అట్ట మీది పేరు, బలం చీటీతో సరిపోయాయో లేదో చూడడానికి సాయపడవచ్చు. మన సందర్భంలో 2, 3 మిల్లీగ్రాముల మాత్రలు రెండూ ఒకే సంచిలో ఇంటికి చేరడమే అసలు ప్రమాదం. 3 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటే కొనవచ్చా అని ఫార్మసిస్టును అడిగించి, అట్ట మీద ‘ఈ రోజు మాత్రమే’ అని తెలుగులో రాయించాలి. మీరే రాస్తే ఫార్మసిస్టుకు చదివి వినిపించి సరేననిపించుకోండి.

రైలెక్కే ముందు ఈ నాలుగు సరిచూడండి:

- వారం తరువాతి పరీక్ష తేదీ, ఎక్కడ చేయించుకోవాలన్నది చీటీ మీద ఉందా?
- ఫలితాన్ని ఏ నంబరుకు ఫోన్ చేసి చెప్పాలో, అక్కడ తెలుగు తెలిసినవారు ఉన్నారో లేదో కనుక్కున్నారా?
- నల్లటి విరేచనం, ఆగని రక్తం, ఉన్నట్టుండి మూతి వంకర పోవడం, కాలు చేయి పడిపోవడం, ఒక్కసారిగా ఆయాసం వంటివి వస్తే చెన్నై దాకా రాకుండా దగ్గరలోని పెద్దాసుపత్రికి వెంటనే వెళ్ళాలన్న డాక్టరు మాట కోడలికీ తెలిసిందా?
- మీ నోటు పుస్తకంలోని ఆ పుటను చింపేశారా?